80 మాటల నుంచి 45 మాటలకు: ఒక ప్రమోషన్ మెసేజ్ తిరగరాసిన కథ

నేను తిరుపతిలో కూర్చుని చిన్న కంపెనీలకు రాతపని చేసి పెడుతుంటాను. నోటీసులు, సర్క్యులర్లు, రిటైరయ్యే వాళ్ళకు నాలుగు మంచి మాటలు, ఇలాంటివి. ఏప్రిల్, మే వచ్చిందంటే ప్రమోషన్ మెసేజ్‌లు వరస కడతాయి. "సామీ, నేను రాసిందే, కొంచెం సరిచేసి పెట్టు" అని పంపిస్తారు. సరిచేయడం అంటే వాళ్ళ దృష్టిలో అచ్చుతప్పులు దిద్దడం, ఇంకో రెండు పెద్ద మాటలు కలపడం. అలా వచ్చిన ఒక దాన్ని ఇక్కడ మొదటి నుంచి చివరిదాకా పెడుతున్నాను. ఫ్యాక్టరీ పేరు చెప్పను, చిత్తూరు దగ్గర మామిడి పల్ప్ తీసే ఫ్యాక్టరీ అనుకోండి చాలు. ప్రమోషన్ వచ్చిన అమ్మాయిని సుజాత అందాం, అది ఆమె అసలు పేరు కాదు.

ప్లాంట్ మేనేజర్ గారు యాభై దాటిన మనిషి, సీజన్లో అక్కడే నిద్రపోయే రకం. శుక్రవారం సాయంత్రం ఆయన పంపింది ఇదీ, ఒక్క అక్షరం మార్చలేదు:

"ఆ ఏడుకొండలవాడి దయవల్ల మన సంస్థ దినదినాభివృద్ధి చెందుతున్న ఈ శుభ తరుణంలో, మన క్వాలిటీ విభాగంలో గత ఆరు సంవత్సరాలుగా నా మార్గదర్శకత్వంలో ఎంతో అంకితభావంతో, క్రమశిక్షణతో, నిరంతర కృషితో పనిచేస్తున్న సుజాత, ఇద్దరు పిల్లల తల్లిగా ఇంటి బాధ్యతలు మోస్తూ కూడా ఏనాడూ పనిలో రాజీ పడకుండా, ఒక సాధారణ ల్యాబ్ అసిస్టెంట్ స్థాయి నుంచి నేడు క్వాలిటీ ఇన్‌చార్జ్ స్థాయికి ఎదిగింది. ప్రతిభ ఎక్కడున్నా గుర్తించి ప్రోత్సహించడం మన యాజమాన్యం గొప్పతనం. ఇందుకు యాజమాన్యానికి ప్రత్యేక కృతజ్ఞతలు. సుజాతను ఆదర్శంగా తీసుకుని మిగతా వాళ్ళు కూడా కష్టపడి పనిచేయాలని కోరుతున్నాను. సుజాత భవిష్యత్తులో మరెన్నో ఉన్నత శిఖరాలు అధిరోహించాలని, ఆయురారోగ్య అష్టైశ్వర్యాలతో తులతూగాలని మనసారా కోరుకుంటూ, హృదయపూర్వక శుభాభినందనలు."

లెక్కపెట్టాను, 80 మాటలు. మొదటి వాక్యమే 47. ఆయన మనసులో ప్రేమ లేక కాదు ఇది, ఉంది కాబట్టే ఇన్ని మాటలు పోశాడు. కానీ ఈ 80లో సుజాత ఒక్క రోజు ఒక్క పని చేసినట్టు లేదు. ఆయనకు ఫోన్ చేసి, ఏమీ చెప్పకుండా, సుజాత పేరు ఉన్నచోటల్లా వాళ్ళ బాయిలర్ ఆపరేటర్ పేరు పెట్టి చదివి వినిపించాను, తల్లిని తండ్రి చేసి, ల్యాబ్‌ను బాయిలర్ రూమ్ చేసి. సగం విని నవ్వేశాడు. "వానికీ సరిపోయిందే అప్పా" అన్నాడు. నేను ఏ డ్రాఫ్ట్ వచ్చినా మొదట చేసే పని ఇదే, పేరు మార్చి చదవడం. ఇంకో మనిషి పేరు పెట్టినా చెక్కుచెదరకుండా నిలబడిందంటే అది ఈ మనిషి గురించి రాసింది కాదు.

ఇక అందులో ఉన్నవాటిని ఒక్కొక్కటే చూద్దాం, ఎందుకంటే తప్పులన్నీ ఒకే రకం కావు. "ఉన్నత శిఖరాలు", "అష్టైశ్వర్యాలు" లాంటివి హాని చేయవు, పెళ్లి పత్రికలో పసుపు బొట్టులా ఉంటాయి అంతే, చదివేవాడి కన్ను వాటి మీద ఆగదు. హాని చేసేవి వేరే ఉన్నాయి. "నా మార్గదర్శకత్వంలో" అన్నది ఆమెకు ఇవ్వాల్సిన దండలోంచి సగం తీసి తన మెడలో వేసుకోవడం. "యాజమాన్యం గొప్పతనం" మిగతా సగాన్ని ఓనర్ గారికి ఇచ్చేసింది. "సాధారణ ల్యాబ్ అసిస్టెంట్ స్థాయి నుంచి" అనేసరికి, ఇప్పటికీ అదే పోస్టులో ఉన్న నలుగురు హెల్పర్లు, అసిస్టెంట్లు ఈ మెసేజ్ పెట్టే ఫ్యాక్టరీ గ్రూప్‌లోనే ఉన్నారు, వాళ్ళు చదువుతారు. "మిగతా వాళ్ళు కూడా కష్టపడి" అంటే ఇప్పటిదాకా వాళ్ళు కష్టపడలేదనేగా. ఇది అభినందనలో దాచిన మెమో. పుచ్చుకునే మనిషి మీద జనానికి కోపం తెప్పించడానికి ఇంతకంటే సులువైన దారి లేదు.

"ఇద్దరు పిల్లల తల్లిగా" దగ్గర ఆయనతో కాసేపు వాదన నడిచింది. అది గొప్పగా చెప్పడమే కదా అంటాడు. అదే ఫ్యాక్టరీలో ముగ్గురు పిల్లల తండ్రి స్టోర్స్ ఇన్‌చార్జ్ అయినప్పుడు ఏం రాశారు సార్, అని అడిగాను. ఆయన పాత మెసేజ్ వెతికి చూసుకున్నాడు. పిల్లల ఊసే లేదు. ఇంటి సంగతి చెప్పాలా వద్దా అన్నది ఆమె ఇష్టం, ఆమె రాసుకుంటే బాగుంటుంది, పైఅధికారి రాస్తే పనిలో ఏదో మినహాయింపు ఇచ్చినట్టు వినిపిస్తుంది.

ఏడుకొండలవాడి విషయంలో మాత్రం నేను వాదించలేదు. మా వైపు ఏ మంచి జరిగినా ఆయన పేరు తలవకుండా నోరు తెరవరు, నేనూ అంతే. ఒక్క మాట అన్నాను: "లడ్డూ మీరే చేతిలో పెట్టండి సార్, మెసేజ్‌లో సుజాత ఒక్కతే ఉండనీండి." ఒప్పుకున్నాడు.

ఇంకో చిన్న విషయం, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఆయన శుక్రవారం రాత్రే గ్రూప్‌లో పెట్టేద్దామనుకున్నాడు. లెటర్ చేతికి ఇచ్చేది శనివారం, బాధ్యతలు సోమవారం నుంచి. అదే పోస్టు మీద ఆశ పెట్టుకున్న ఇంకొకాయన ఉన్నాడు, నైట్ షిఫ్ట్ కెమిస్ట్, అందరూ అన్న అని పిలుస్తారు, సుజాత కంటే సీనియర్. తనకు రాలేదన్న సంగతి ఆయనకు గ్రూప్‌లో పూలగుత్తుల బొమ్మల మధ్య తెలియకూడదు. శనివారం మేనేజర్ ఆయన్ను పక్కకు పిలిచి స్వయంగా చెప్పేదాకా మెసేజ్ ఆపమన్నాను. ఈ నైట్ షిఫ్ట్ అన్న మళ్ళీ వస్తాడు, గుర్తుపెట్టుకోండి.

సరే, తీసేయాల్సినవి తీసేస్తే మిగిలింది "సుజాత, క్వాలిటీ ఇన్‌చార్జ్, అభినందనలు". ఇప్పుడు అందులో ఏం పెట్టాలి? సుజాత ఎలాంటి మనిషి అని మేనేజర్‌ను అడిగితే "చానా సిన్సియర్" అన్నాడు. ల్యాబ్ హెల్పర్ పెద్దాయనను అడిగితే "బంగారట్లాంటి పాప" అన్నాడు. ఎలాంటి మనిషి అని అడిగితే ఇలాంటి జవాబులే వస్తాయి, వాళ్ళ తప్పు లేదు, ప్రశ్న తప్పు. అందుకని అడిగే తీరు మార్చాను. "ఆ అమ్మాయి వల్ల మీకు నిద్ర పట్టిన రోజు, లేదా మీ పని తగ్గిన రోజు ఏదైనా ఉందా పెద్దాయనా?" అన్నాను. కాసేపు ఆలోచించి, "చల్లారనీ చీటీ సంగతి నీకెవురూ చెప్పలేదా?" అన్నాడు. అక్కడ దొరికింది.

ఈ చీటీ అర్థం కావాలంటే కొంచెం పల్ప్ సంగతి తెలియాలి. చిత్తూరు వైపు పల్ప్‌కు ఎక్కువగా వెళ్ళేది తోతాపురి, మన వాళ్ళు బెంగుళూరా అంటారు. దామలచెరువు, బంగారుపాళ్యం వైపుల నుంచి జూన్, జులైలో ట్రాక్టర్లు, లారీలు ఫ్యాక్టరీ గేట్ల ముందు బారులు తీరతాయి. కాయ మగ్గాక కడిగి, టెంక తీసి, గుజ్జు చేసి, వేడి చేసి, క్రిములు లేకుండా సంచుల్లో నింపి డ్రమ్ముల్లో పెడతారు. ఒక్కో డ్రమ్ము సుమారు 215 కిలోలు. ఆ గుజ్జులో తీపి ఎంతుందో చెప్పే లెక్క బ్రిక్స్. ఇక్కడ కొనేవాళ్ళతో ఒప్పందం కనీసం 14. అంతకంటే తగ్గితే డ్రమ్ముకు ఎర్ర ట్యాగ్ కట్టి పక్కన పెడతారు, హోల్డ్ అంటారు.

బ్రిక్స్ చూసేది రిఫ్రాక్టోమీటర్‌తో. గాజు మీద ఒక చుక్క వేసి వెలుతురుకు పెట్టి చూస్తే లోపల గీత ఎక్కడ ఆగిందో అదే లెక్క. ఆ గీతలన్నీ 20 డిగ్రీల వేడికి సరిపోయేలా గీసినవి. చుక్క అంతకంటే వేడిగా ఉంటే వెలుతురు తక్కువ వంగుతుంది, మీటర్ అసలు కంటే తక్కువ చూపిస్తుంది. 30 డిగ్రీల దగ్గర, 14, 15 బ్రిక్స్ ఉన్న గుజ్జుకు దాదాపు ముప్పావు పాయింట్ తగ్గుతుంది. వేడిని తానే సర్దుకునే మీటర్లు ఉన్నాయి, అప్పట్లో ఈ ల్యాబ్‌లో ఉన్నది పాత చేతి మీటర్, దానికి ఆ సదుపాయం లేదు.

పోయిన సీజన్, జులైలో వారం రోజులు రాత్రి పూట తీసిన డ్రమ్ములన్నీ హోల్డ్‌లో పడుతూ వచ్చాయి. పగలు బాగానే ఉంటుంది, రాత్రి తగ్గుతుంది. మేనేజర్ కాయ మీద పడ్డాడు. రాత్రి పూట లైన్లోకి వెళ్ళేది సాయంత్రం వచ్చిన లోడ్లు కాబట్టి ఆ లోడ్లు తెచ్చే మండీ వ్యాపారితో గొడవ కూడా పెట్టుకున్నాడు. సుజాత ఒక రోజు పొద్దున డ్యూటీకి వచ్చి, రాత్రి 13.4 అని రాసి ఉన్న శాంపిల్ సీసానే తీసి మళ్ళీ చూసింది. 14.1 వచ్చింది. అదే సీసా, అదే గుజ్జు. ఇంకో మూడు సీసాలు చూసింది, అన్నీ అట్లాగే. అప్పుడు ఆమె ఎవరితోనూ ఏమీ అనకుండా ఆ రాత్రి తనే ఉండిపోయి థర్మామీటర్ పెట్టి చూసింది. పగలు ల్యాబ్‌లో ఏసీ ఉంటుంది, శాంపిల్ తెచ్చి పెట్టి రిజిస్టర్ రాసేలోపు చల్లారిపోతుంది. రాత్రి ఏసీ ఆపేస్తారు, కరెంటు బిల్లు. పైగా రాత్రి లైన్ వేగంగా నడుస్తుంది, శాంపిల్ మీద శాంపిల్ వస్తుంటే గాజు తుడిచి వెంటనే ఇంకో చుక్క వేస్తారు, గాజు కూడా వెచ్చబడుతుంది. చుక్క 30 డిగ్రీల దగ్గర ఉంది. కాయలో ఏ లోపమూ లేదు.

ఆమె చేసిన వైద్యం ఏమిటంటే ఒక స్టీల్ గిన్నెలో చల్లటి నీళ్ళు పెట్టి సీసాను అందులో ఉంచమనడం, థర్మామీటర్ 20 చూపించాక చుక్క వేయమనడం, రాత్రి కూడా ఆ చిన్న గదిలో ఏసీ ఆపొద్దని మేనేజర్‌ను ఒప్పించడం. తర్వాత రిజిస్టర్ అట్ట చింపి దాని వెనక "చల్లారనీ, అప్పుడు చూడు" అని రాసి సింకు పైన అంటించింది. ఈ మెసేజ్ పని మీద ఆదివారం నేను ఫ్యాక్టరీకి వెళ్ళినప్పుడు దాన్ని చూశాను. టేపు పసుపు రంగుకు తిరిగింది, ఒక మూల లేచింది, మామిడి గుజ్జు చుక్క ఒకటి "చూ" మీద ఎండిపోయి ఉంది. తర్వాత వేడిని సర్దుకునే కొత్త మీటర్ కొన్నారు, అయినా ఆ చీటీ ఎవరూ తీయలేదు. గుజ్జు మరీ వేడిగా ఉంటే కొత్త మీటరూ తప్పే చెప్తుంది.

కథ దొరికింది కదా అని అక్కడే ఆగకూడదు. పెద్దాయన "యాభై అరవై డ్రమ్ములు" అన్నాడు, మేనేజర్ "రెండొందలు ఉంటాయి" అన్నాడు. హోల్డ్ రిజిస్టర్ తీయిస్తే 42. అంటే సుమారు 9 టన్నులు. రిజిస్టర్ చూడకపోతే రెండొందలు అని రాసేసేవాణ్ణి, ఆ డ్రమ్ములు స్వయంగా దొర్లించిన లోడింగ్ వాళ్ళు చదివి నవ్వుకునేవాళ్ళు, సుజాత మధ్యలో ఇబ్బంది పడేది. అంకె తప్పయితే మెచ్చుకోలు మొత్తం అబద్ధంలా కనిపిస్తుంది.

ఇదంతా పట్టుకుని నేను రాసిన మొదటి డ్రాఫ్ట్ ఇది. నాకు చాలా నచ్చింది కూడా, ఒప్పుకుంటాను:

"సుజాత గారికి క్వాలిటీ ఇన్‌చార్జ్‌గా ప్రమోషన్ వచ్చింది. పోయిన సీజన్లో నైట్ షిఫ్ట్ రీడింగులు తప్పుగా వస్తున్నాయని మొదట కనిపెట్టింది ఆవిడే. రాత్రి 13.4 చూపించిన పల్ప్ పొద్దున 14.1 చూపిస్తోందంటే శాంపిల్ చల్లారకుండానే చూస్తున్నారని గ్రహించి, హోల్డ్‌లో పడ్డ 42 డ్రమ్ములను కాపాడారు. ఇంత జాగ్రత్త ఉన్న మనిషి మన ల్యాబ్‌కు పెద్దగా రావడం మనకు మంచిది."

ఈ మెసేజ్‌లను నేను ఎప్పుడూ ఎవరి గురించి రాశానో వాళ్ళకు ముందే చూపిస్తాను. సర్‌ప్రైజ్ పోతుంది అంటారు, పోనీండి. సుజాతకు పంపితే పది నిమిషాల్లో ఫోన్ చేసింది. థ్యాంక్స్ చెప్తుందనుకున్నాను. "అన్నా, అంతా నిజమే. కానీ నైట్ షిఫ్ట్ అన్న ఇది చదువుతాడు కదా. సోమవారం నుంచి నేనాయనతో కలిసి పనిచేయాల" అంది.

నాకు అప్పటిదాకా తట్టలేదు. "నైట్ షిఫ్ట్ రీడింగులు తప్పు", "చల్లారకుండానే చూస్తున్నారు", "ఇంత జాగ్రత్త ఉన్న మనిషి" — ఆ షిఫ్ట్‌లో ఉన్న కెమిస్ట్ ఒక్కడే, పేరు రాయకపోయినా రాసినట్టే. మేనేజర్ డ్రాఫ్ట్‌లో ఉన్న "మిగతా వాళ్ళు" అనే ముల్లును తీసేశాననుకున్నాను, దాన్నే ఇంకా పదును పెట్టి ఒక్క మనిషికి గుచ్చాను. పైగా ఆయన చేసింది నిర్లక్ష్యం కాదు. ఏసీ ఆపమన్నది ఆఫీసు, లైన్ వేగం పెంచింది ఆఫీసు, ఆయన తనకు నేర్పినట్టే చేశాడు. వివరం ఎంత నిక్కచ్చిగా ఉంటే అంత బాగుంటుంది అనుకునే నాలాంటి వాళ్ళు ఎక్కువగా జారేది ఇక్కడే. ఒకరు కనిపెట్టారంటే ఇంకొకరికి కనిపించలేదనే అర్థం, ఆ రెండో మనిషి ఎవరో చదివేవాళ్ళు వెంటనే వెతుకుతారు. ఆ ఖాళీలో ఎవరినో ఒకరిని మనమే కూర్చోబెట్టాలి, లేకపోతే వాళ్ళే కూర్చోబెడతారు.

అయితే ఎవరిని? కనిపించనిది మేనేజర్‌కు కూడా కదా. కాయను తిట్టింది, మండీ వ్యాపారితో గొడవపడింది ఆయనే. మెసేజ్ పెట్టేది కూడా ఆయనే. ఆయనకు ఫోన్ చేసి "సార్, ఆ చోట మీరు కూర్చుంటారా?" అన్నాను. మొదట కస్సుమన్నాడు. "నా పరువేం కావాల? జూన్ వస్తే వీళ్ళ చేత పని చేయించాల్సింది నేను." నేను పట్టుబట్టలేదు, రాత్రికి ఆలోచించి చెప్పండి అన్నాను. ఆదివారం పొద్దున ఆయనే చేశాడు. "రాయప్పా. నేనే గదా తిట్టింది, నిజమే. ఆ మండీ ఆయనకు కూడా నేను సారీ చెప్పలేదు ఇంతవరకు" అన్నాడు. నా అనుభవంలో పెద్దవాడు తనకూ తట్టలేదని ఒప్పుకుంటే అది పది విశేషణాల పెట్టు. అది ఆయన సొంత జేబులోంచి తీసి ఇచ్చింది కాబట్టి చదివేవాళ్ళకు తెలుస్తుంది. ఇంతకుముందు డ్రాఫ్ట్‌లో ఆయన ఇచ్చినవన్నీ ఖర్చు లేనివి.

తర్వాత మర్యాద సంగతి. మేనేజర్ ఆమెను నోటితో "సుజాతమ్మా, నువ్వు" అంటాడు, ఆప్యాయంగా. అందుకే డ్రాఫ్ట్‌లో "ఎదిగింది" అని రాశాడు. ఎదురుగా అది బాగుంటుంది. కానీ సోమవారం నుంచి ముగ్గురు కెమిస్టులు, అందులో ఇద్దరు ఆమెకంటే పెద్దవాళ్ళు, ఆమె సంతకం కోసం ఆగాలి. అందరూ చదివే చోట పైవాడు "చేసింది" అంటే కిందివాళ్ళు కూడా అదే కొలత పట్టుకుంటారు. అందుకని "గారు" పెట్టాను, క్రియను "తీసుకొచ్చారు" అని మార్చాను. అట్లా మారిస్తే మరీ ఆఫీసు నోటీసులా చల్లగా అయిపోతుందని ఆయన భయం, అది కూడా నిజమే. చివరి వాక్యం ఒక్కటి నేరుగా ఆమెతో మాట్లాడినట్టు పెడితే ఆ చలి పోయింది. "ఆమె" బదులు "ఆవిడ" అన్నది కూడా అందుకే, మన వైపు నోటికి దగ్గరగా ఉంటుంది.

అంకెలు తీసేశాను. 13.4, 14.1, 42 డ్రమ్ములు, మూడూ కష్టపడి సంపాదించినవే, తీసేయడానికి చేయి రాలేదు. కానీ ఆ గ్రూప్‌లో ఉన్నవాళ్ళకు ఆ వారం గుర్తుంది, అంకె చెప్పక్కర్లేదు. పైగా అంకె ఉంటే నష్టం ఎంత అన్న లెక్కలోకి కళ్ళు పోతాయి, థర్మామీటర్ పట్టుకున్న మనిషి మీద నుంచి జారిపోతాయి. చీటీని మాత్రం ఉంచాను. రోజూ చేతులు కడుక్కునేటప్పుడు అందరూ చూసేది అదే, చాలామందికి అది ఎవరు రాశారో కూడా తెలియదని పెద్దాయన చెప్పాడు.

సోమవారం పొద్దున ఎనిమిదికి, షిఫ్ట్ మారే వేళ, వెళ్ళిన మెసేజ్ ఇదీ:

"సుజాత గారు ఈ రోజు నుంచి మన మూడు షిఫ్టులకూ క్వాలిటీ ఇన్‌చార్జ్.

పోయిన జులైలో రాత్రి బ్రిక్స్, పగటి బ్రిక్స్ కలవక నేను కాయను తిడుతూ కూర్చుంటే, ఆవిడ థర్మామీటర్ తీసుకొచ్చారు. తేడా కాయలో లేదు, శాంపిల్ వేడిలో ఉంది. సింకు మీద 'చల్లారనీ, అప్పుడు చూడు' అన్న చీటీ ఆవిడదే.

సుజాత గారూ, అభినందనలు. ఆ చీటీ మాత్రం తీయకండి."

45 మాటలు. పేరు మార్చి చదివి చూడండి, బాయిలర్ ఆపరేటర్‌కు పనికిరాదు. "అభినందనలు" ఒక్కసారే ఉంది, దాని ముందు "హృదయపూర్వక" లేదు. పోస్టు పేరు మొదటి వాక్యంలోనే ఉంది, ఎందుకంటే సగం మంది అంతవరకే చదువుతారు, ఇకనుంచి ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలియడానికి వాళ్ళకు అది చాలు.

మేనేజర్ దీన్నే లింక్డ్‌ఇన్‌లో కూడా పెడతానన్నాడు. అక్కడ ఆపాను. ఫ్యాక్టరీ గ్రూప్‌లో అది ఇంటి మాట, బయట అట్లా కాదు, లింక్డ్‌ఇన్‌లో ఆయనను ఫాలో అయ్యేవాళ్ళలో పల్ప్ కొనేవాళ్ళు ఉన్నారు. "పోయిన జులైలో మా రీడింగులు కలవలేదు" అని చదివితే వాళ్ళు పోయిన జులై సరుకు కాగితాలు బయటికి తీస్తారు, మంచి సరుకే అయినా సరే. బయటికి తప్పు చెప్పకుండా అలవాటు చెప్పాం: "మా ల్యాబ్‌లో ఏ శాంపిల్ అయినా చల్లారాకే మీటర్ మీదికి వెళ్తుంది. ఆ అలవాటు నేర్పింది సుజాత గారు. ఈ రోజు నుంచి ఆవిడ మా క్వాలిటీ ఇన్‌చార్జ్." చీటీ ఫోటో ఒకటి పెట్టాం, గుజ్జు చుక్కతో సహా. అక్కడ మొదటి రెండు మూడు వరసలే కనిపిస్తాయి, మిగతాది నొక్కితే గానీ తెరుచుకోదు కాబట్టి అంతకు మించి రాయలేదు. గ్రూప్ మెసేజ్ అంత బాగా లేదు ఇది, దాపరికం ఉన్నచోట అంతే వస్తుంది.

గ్రూప్‌లో మేనేజర్ నాకు చెప్పకుండా చివర మూడు పూలగుత్తులు, రెండు దండాల బొమ్మలు కలిపాడు. కలుపుకోనీ. మధ్యాహ్నానికి స్క్రీన్‌షాట్‌లు పంపించాడు. మామూలుగా "కంగ్రాట్స్ మేడమ్" అని నలభై వస్తాయి, ఇవీ వచ్చాయి, కానీ మధ్యలో కొన్ని వేరేగా ఉన్నాయి. లోడింగ్ మేస్త్రి "ఆ డ్రమ్ములు మళ్ళీ దొర్లించాల్సిన పని తప్పించినావు తల్లీ" అని రాశాడు. పెద్దాయన వాయిస్ మెసేజ్ పెట్టాడు, అర నిమిషం దగ్గు, తర్వాత "మంచిది పాపా". నైట్ షిఫ్ట్ అన్న నుంచి సాయంత్రం దాకా ఏమీ రాలేదు. నాకు కొంచెం టెన్షన్‌గానే ఉంది. రాత్రి డ్యూటీ ఎక్కే ముందు రాశాడు:

"ఆ చీటీ రాసింది నా పెన్నుతోనే. పెన్ను ఇంకా ఇవ్వలేదు మేడమ్."